చెయ్యి కదిలిన ఫొటో: మసకను తీసే లెక్క ఎక్కడ దారి తప్పుతుంది

సాయంత్రం వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, సెకనులో ఎనిమిదో వంతు సేపు షట్టర్ తెరిచి ఒక దుకాణం బోర్డును చేత్తోనే ఫొటో తీశారనుకుందాం. ఆ కాసేపట్లో చెయ్యి వణుకుతుంది, కెమెరా ఒక చిన్న వంకర దారిలో కదులుతుంది. బోర్డు మీది ప్రతి చుక్కా సెన్సార్ మీద చుక్కగా కాక అదే వంకర గీతగా పడుతుంది. ఆ గీతను కెర్నల్ అంటారు. మసకబారిన ఫొటో అంటే అసలు దృశ్యంలోని అన్ని చుక్కలూ అదే గీత ఆకారంలో సాగి, ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయిన చిత్రం. దీన్ని ఇలా రాస్తారు:

```
y = k * x + n
```

ఇందులో y మన చేతిలో ఉన్న మసక ఫొటో, x మనకు కావలసిన స్పష్టమైన చిత్రం, k కెర్నల్, n సెన్సార్ కలిపిన నాయిస్. నక్షత్రం గుర్తు మామూలు గుణకారం కాదు, ప్రతి చుక్కనూ కెర్నల్ ఆకారంలో సాగదీసి కలపడం. దీన్ని కన్వల్యూషన్ అంటారు. దాన్ని వెనక్కి తిప్పడమే డీకన్వల్యూషన్.

కెర్నల్ ముందే తెలిస్తే ఈ పని కష్టమే గాని దారి స్పష్టంగా ఉంటుంది. 1990లో కక్ష్యలోకి వెళ్లిన హబుల్ టెలిస్కోప్ అద్దాన్ని తప్పు ఆకారంలో అరగదీసినట్లు తేలినప్పుడు, 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేసేదాకా ఖగోళ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతితోనే చిత్రాలను మెరుగుపరచుకున్నారు. 1972లో రిచర్డ్‌సన్, 1974లో లూసీ విడివిడిగా ప్రతిపాదించిన పద్ధతి వాళ్లకు బాగా ఉపయోగపడింది. వాళ్లకు ఒక గొప్ప వెసులుబాటు ఉంది: నక్షత్రం ఒక చుక్క, కాబట్టి మసకబారిన నక్షత్రమే కెర్నల్. దుకాణం బోర్డు ఫొటోలో అలాంటి నక్షత్రం లేదు. దూరంగా ఒక చిన్న బల్బు పడి ఉంటే అదృష్టం. లేకపోతే x, k రెండింటినీ ఒక్క y నుంచే రాబట్టాలి. దీన్ని బ్లైండ్ డీకన్వల్యూషన్ అంటారు.

రెండు సంఖ్యల లబ్ధం 24 అని మాత్రమే చెప్పి ఆ సంఖ్యలేమిటో అడిగినట్లుంటుంది ఈ సమస్య. 6, 4 కావచ్చు. 8, 3 కావచ్చు. 24, 1 కూడా కావచ్చు. ఈ చివరి జవాబును గుర్తుంచుకోండి. ఫొటో విషయంలో దాని అర్థం: కెర్నల్ ఒకే ఒక్క చుక్క, అంటే మసక అసలు లేదు, దృశ్యమే అలా మసకగా ఉంది. ఈ జవాబు సమీకరణానికి నూటికి నూరు పాళ్లూ సరిపోతుంది. బ్లైండ్ డీకన్వల్యూషన్ చరిత్రలో ఎక్కువ భాగం ఈ పనికిరాని జవాబును తప్పించుకోవడానికి చేసిన ప్రయత్నమే.

సహజంగా తట్టే ఉపాయం ఒకటుంది. నిజమైన ఫొటోల్లో పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడా చాలాచోట్ల సున్నాకు దగ్గరగా ఉంటుంది. వస్తువుల అంచుల దగ్గర మాత్రం పెద్దదిగా ఉంటుంది. కాబట్టి ప్రతి తేడాకూ ఒక జరిమానా వేద్దాం. ఎన్నో చిన్న తేడాలకన్నా ఒక్క పెద్ద తేడాకు తక్కువ జరిమానా పడేలా, తేడాను 0.5 నుంచి 0.8 మధ్య ఘాతానికి పెంచుదాం. సమీకరణానికి సరిపోయే (x, k) జంటల్లో అతి తక్కువ జరిమానా పడే జంటను ఎంచుకుంటే స్పష్టమైన చిత్రం దానంతట అదే రావాలి కదా?

రాదు. ఎందుకు రాదో ఒక్క వరస పిక్సెళ్లతో చేసి చూడవచ్చు. ఘాతం 0.5 తీసుకుందాం, అంటే వర్గమూలం. కెర్నల్ అయిదు పిక్సెళ్ల అడ్డగీత. అయిదింటిలో ఒక్కోదాని బరువు 0.2.

మొదట ఒక గోడ అంచు. ఒకవైపు వెలుతురు విలువ 20, రెండోవైపు 80. స్పష్టమైన చిత్రంలో ఒకే ఒక్క తేడా, 60. దాని వర్గమూలం 7.7. మసకబారాక ఆ అంచు 20, 32, 44, 56, 68, 80 అని మెట్లుమెట్లుగా మారుతుంది. అంటే 12 చొప్పున అయిదు తేడాలు, జరిమానా 17.3. ఇక్కడ స్పష్టమైన చిత్రమే గెలిచింది. ఉపాయం పనిచేసినట్లే కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక సన్నని గీత తీసుకుందాం. నల్లని నేపథ్యం విలువ 0, మధ్యలో ఒక్క పిక్సెల్ వెడల్పున 60. స్పష్టమైన చిత్రంలో రెండు తేడాలున్నాయి: ఎక్కేటప్పుడు 60, దిగేటప్పుడు 60. జరిమానా 15.5. మసకబారితే అదే గీత అయిదు పిక్సెళ్ల వెడల్పున 12 విలువ గల వెలిసిన పట్టీ అవుతుంది. ఇప్పుడూ రెండే తేడాలు, కాని ఒక్కోటి 12 మాత్రమే. జరిమానా 6.9. ఈసారి మసక చిత్రం గెలిచింది, అదీ సగానికన్నా తక్కువ జరిమానాతో.

ఒక ఫొటోలో పొడవైన, చుట్టుపక్కల ఇంకేమీ లేని అంచులు ఎన్ని ఉంటాయి? ఆకులు, గడ్డి, ఇటుకల గరుకుదనం, బట్టల నేత వంటి సన్నని వివరాలు ఎన్ని ఉంటాయి? రెండో రకమే బాగా ఎక్కువ. అంతా కూడితే మసక ఫొటోకే తక్కువ జరిమానా పడుతుంది, లెక్క ‘24, 1’ అనే జవాబు చెబుతుంది. 2009లో అనత్ లెవిన్, ఆమె సహ పరిశోధకులు ఈ సంగతిని స్పష్టంగా నిరూపించారు. అప్పటిదాకా చాలామంది, గణిత పద్ధతి సరిగ్గా కుదరకనో కంప్యూటర్ అతి తక్కువ జరిమానాను చేరకముందే మధ్యలో ఎక్కడో చిక్కుకుపోయో ఇలా జరుగుతోందని అనుకునేవారు. నిజానికి లెక్క చక్కగా కుదిరినప్పుడే తప్పు జవాబు వస్తుంది. నా దృష్టిలో ఈ రంగంలో తెలుసుకోవలసిన విషయాల్లో ఇదే ముఖ్యమైనది, ఎందుకంటే అంతకు ముందైనా తరువాతైనా పనిచేసిన ప్రతి పద్ధతీ ఏదో రూపంలో దీనికి సమాధానమే.

సమాధానాల్లో ఒకటి గణితపరమైనది. వెయ్యి పిక్సెళ్ల పొడవు, వెయ్యి వెడల్పు ఉన్న ఫొటోలో x కు పది లక్షల అజ్ఞాతాలు. కెర్నల్ 25 పిక్సెళ్ల చదరంలో ఇమిడితే దానికి 625 మాత్రమే. ఫొటో పెద్దదవుతున్నకొద్దీ x లోని అజ్ఞాతాలూ పెరుగుతూ పోతాయి, కెర్నల్‌లోనివి మాత్రం పెరగవు. అందుకే రెండింటినీ ఒకేసారి వెతకకుండా, ముందు k ఒక్కదాన్నే వెతకాలి. ఒక కెర్నల్‌ను పరీక్షించేటప్పుడు దానికి జతపడే ఒక్క ఉత్తమ చిత్రాన్ని చూడకుండా, జతపడగల చిత్రాలన్నింటినీ వాటి సంభావ్యతను బట్టి కలుపుకొని చూడాలి. చేతి వణుకుతో మసకబారిన ఒకే ఒక్క ఫొటోను బాగుచేసి 2006లో అందరినీ ఆశ్చర్యపరచిన రాబ్ ఫెర్గస్ బృందం చేసినది ఈ పనే. ఫలితం బాగుంటుంది గాని లెక్క బరువైనది.

రెండోది ఇంకా తేలికైన దారి, ఆచరణలో ఎక్కువగా కనిపించేది. మన రెండు ఉదాహరణల్లో గోడ అంచు నిజం చెప్పింది, సన్నని గీత అబద్ధం చెప్పింది. అలాంటప్పుడు నిజం చెప్పేవాటినే అడుగుదాం. 2009లో సుంగ్‌హ్యున్ చో, సుంగ్‌యాంగ్ లీ చూపిన పద్ధతి ఇలా నడుస్తుంది. మసక ఫొటో మీద షాక్ ఫిల్టర్ అనే సాధనాన్ని నడిపితే, మెట్లుమెట్లుగా ఉన్న అంచులన్నీ నిట్టనిలువుగా మారతాయి. వాటిలో బలమైన అంచులను మాత్రం ఉంచి, మిగతా అంతటా తేడాలను సున్నా చేస్తారు. దీన్ని తాత్కాలికంగా x అనుకుని k ను సాధిస్తారు. మన గోడ అంచులో ఇది నోటిలెక్కగా కనిపిస్తుంది: అంచు నిట్టనిలువైతే తేడా 60 ఒక్కటే, ఫొటోలో ఉన్నవి 12, 12, 12, 12, 12. ఒక్కోదాన్ని 60తో భాగిస్తే 0.2 చొప్పున అయిదు బరువులు. అదే కెర్నల్!

సన్నని గీత దగ్గర షాక్ ఫిల్టర్ ఏం చేస్తుందో కూడా చూడాలి. 0, 12, 12, 12, 12, 12, 0 అన్న పట్టీ అంచులు ఇప్పటికే నిట్టనిలువుగా ఉన్నాయి. ఫిల్టర్ దాన్ని ముట్టుకోదు. దాన్ని x అనుకుని సాధిస్తే కెర్నల్ ఒక్క చుక్క అని వస్తుంది. అందుకే 2010లో లీ షూ, జియాయా జియా ఒక ముఖ్యమైన సవరణ చెప్పారు: అంచు బలంగా ఉంటే చాలదు, ఆ వస్తువు కెర్నల్ కన్నా వెడల్పుగా ఉండాలి. కెర్నల్ కన్నా సన్నగా ఉన్నవి ఎంత బలంగా మెరుస్తున్నా వాటిని లెక్కలోకి రానివ్వకూడదు.

అంచుల దిశ కూడా ముఖ్యమే. నిలువు అంచు కెర్నల్ అడ్డంగా ఎలా పరచుకుందో చెబుతుంది గాని, పైకీ కిందికీ ఎలా కదిలిందో చెప్పలేదు. కిటికీ ఊచలు మాత్రమే ఉన్న ఫొటో నుంచి పూర్తి కెర్నల్ రాదు. ఈ విషయంలో తెలుగు అక్షరాలున్న బోర్డు మంచి సహాయకారి. గుండ్రని అక్షరాల్లో అన్ని దిశల అంచులూ ఉంటాయి. పెద్ద అక్షరాల మందపాటి వంపులు కెర్నల్‌ను బాగా పట్టిస్తాయి. తలకట్లు, ఒత్తులు, బోర్డు అడుగున చిన్నగా రాసిన చిరునామా మాత్రం ‘సన్నని గీతల’ జాబితాలోకి వెళ్తాయి.

ఒక చిక్కు మిగిలింది. కెర్నల్ 25 పిక్సెళ్ల పొడవుంటే అసలు అంచు ఎక్కడుందో షాక్ ఫిల్టర్‌కు కూడా తెలియదు. దీనికి ఉపాయం, ఫొటోను ముందు బాగా చిన్నది చేయడం. కెర్నల్ మూడు పిక్సెళ్లకు కుంచించుకుపోయేంత చిన్న ఫొటోలో మసక దాదాపు కనిపించదు, అంచులు నమ్మదగ్గవిగా ఉంటాయి. అక్కడ k సాధించి, దానితో x ను కాస్త స్పష్టం చేసి, రెండింటినీ 1.4 రెట్లు పెంచి మళ్లీ మొదలుపెడతారు. అలా మెట్టు మెట్టుకూ పూర్తి సైజుకు చేరతారు. ప్రతి మెట్టులోనూ కెర్నల్ విలువల్లో ఋణ సంఖ్యలు లేకుండా చూస్తారు, అతి పెద్ద విలువలో ఇరవయ్యో వంతు కన్నా చిన్నవాటిని సున్నా చేస్తారు, మొత్తం 1 వచ్చేలా సరిచేస్తారు. వెలుతురు తగ్గదు, పోదు, చెదురుతుంది అంతే కాబట్టి ఈ నియమాలు.

వచ్చిన కెర్నల్‌ను చిత్రంగా పెట్టుకుని చూడడం నేను ఎవరికైనా మొదట చెప్పే సలహా. బాగుచేసిన ఫొటోకన్నా అదే ఎక్కువ చెబుతుంది. చేతి వణుకు ఒక దారి, కాబట్టి సరైన కెర్నల్ సన్నని, తెగని వంకర గీతలా ఉంటుంది. చెయ్యి నెమ్మదించిన చోట కాస్త ప్రకాశంగా, వేగంగా కదిలిన చోట వెలిసినట్లుగా. మధ్యలో ఒకే చుక్క కనిపిస్తే లెక్క ‘మసక లేదు’ అన్న జవాబులో పడిపోయింది. చెదురుమదురు చుక్కలు కనిపిస్తే నాయిస్‌ను కెర్నల్ అనుకుంది. గీత చదరపు అంచును తాకి తెగిపోతే, ఇచ్చిన చదరం చిన్నదైంది, పెంచి మళ్లీ చేయాలి.

కెర్నల్ కొంచెం తప్పితే ఏమవుతుందో కూడా మన గోడ అంచుతోనే చూడవచ్చు. నిజమైన కెర్నల్ అయిదు పిక్సెళ్లది. మనం ఏడు అని పొరబడి, ఏ జరిమానా పెట్టకుండా నేరుగా వెనక్కి తిప్పామనుకుందాం. ఏడు పిక్సెళ్ల సగటు తీసిన వరసలో పక్కపక్క తేడాను 7తో గుణిస్తే, ఒక పిక్సెల్‌కూ దానికి ఏడు స్థానాల ముందున్న పిక్సెల్‌కూ మధ్య తేడా వస్తుంది. మన తేడాలు అయిదు చోట్ల 12, కాబట్టి అయిదు పిక్సెళ్లు 20 నుంచి ఒక్కసారిగా 84 పెరిగి 104 అవుతాయి. తరువాతి రెండూ 20 దగ్గరే ఉండిపోతాయి. ఆ తరువాత ఇదే వరస మళ్లీ: అయిదు 104లు, రెండు 20లు, చిత్రం చివరిదాకా. సగటు చూస్తే సరిగ్గా 80, గోడ అసలు వెలుతురు. కాని కంటికి కనిపించేది ఏడేసి పిక్సెళ్లకు ఒక నల్లని చార. దీన్నే రింగింగ్ అంటారు. జరిమానాలు పెట్టినప్పుడు ఈ చారలు తగ్గుతాయి గాని, అంచుకు సమాంతరంగా నీడల్లా మిగులుతాయి. వాటి మధ్య దూరం మనం వాడిన కెర్నల్ పరిమాణానికి దగ్గరగా ఉంటే తప్పు కెర్నల్‌లో ఉందని అనుమానించవచ్చు.

కెర్నల్ సరిగ్గానే వచ్చినా చారలు పడే సందర్భాలున్నాయి. అన్నింటికన్నా మామూలుది, JPEG ఫైలులోని సంఖ్యలను వెలుతురు అనుకోవడం. అందులో 255కు 128 అంటే సగం వెలుతురు కాదు, సుమారు 22 శాతమే. కెమెరా లోపల వెలుతురు కలిసిపోయేది అసలు పరిమాణాల్లో. ఆ తరువాతే సంఖ్యలు వంపు తిరుగుతాయి. కాబట్టి ముందు ఆ వంపును సరిచేయాలి, లేదా RAW ఫైలుతో మొదలుపెట్టాలి. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే నలుపు తెలుపు గట్టిగా తగిలే చోటల్లా నీడలు వస్తాయి.

వీధి దీపాలు ఇంకో బెడద. సెన్సార్ 255 దగ్గర ఆగిపోతుంది, అసలు వెలుతురు దానికి పదిరెట్లున్నా. అక్కడ y = k * x అన్న సమీకరణమే నిజం కాదు. అలాంటి పిక్సెళ్లను లెక్కనుంచి తప్పించాలి. అయితే దీపం గీసిన వంకర గీతను కంటితో చూసుకుంటే మన లెక్క ఇచ్చిన కెర్నల్ ఆకారం సరైనదో కాదో పోల్చుకోవచ్చు. ఫొటో నాలుగు మూలల్లోనూ దీపాలుండి వాటి గీతలు వేర్వేరుగా ఉంటే, కెమెరా కదలడమే కాదు, తిరిగింది కూడా. అప్పుడు ఒక్క కెర్నల్ మొత్తం ఫొటోకు సరిపోదు. బోర్డు ఉన్న భాగాన్నే కత్తిరించి చేసుకోవడం తేలిక పరిష్కారం. మొత్తం కావాలంటే కెమెరా మూడు అక్షాల చుట్టూ తిరగడాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతులు ఉన్నాయి.

ఫోకస్ తప్పిన ఫొటో విషయం వేరు. అక్కడ కెర్నల్ వంకర గీత కాదు, సుమారుగా గుండ్రని బిళ్ల. 625 అజ్ఞాతాల బదులు ఒకే ఒక్క అజ్ఞాతం, బిళ్ల వ్యాసం. వేర్వేరు వ్యాసాలతో చేసి చూసి, చారలు రాకముందు ఆగినా సరిపోతుంది. కాని ఆ వ్యాసం వస్తువు దూరాన్ని బట్టి మారుతుంది కాబట్టి బోర్డుకు ఒకటి, దాని ముందు నిలబడ్డ మనిషికి ఇంకొకటి కావాలి. బిళ్లకు మరో విచిత్రం ఉంది. వ్యాసం 10 పిక్సెళ్లయితే, సుమారు 8.2 పిక్సెళ్లకోసారి వచ్చే చారలు ఫొటోలో పూర్తిగా మాయమవుతాయి. అంతకన్నా కొంచెం సన్నని చారలు మళ్లీ కనిపిస్తాయి, అయితే నలుపు తెలుపులు తారుమారై! ఫోకస్ తప్పిన ఫొటోలో సన్నని గళ్లను చూసి లెక్కపెడితే మోసపోయేది ఇందుకే.

మాయమైనవి మాయమైనట్లే. అయిదు పిక్సెళ్ల అడ్డగీత కెర్నల్ కూడా సరిగ్గా అయిదు పిక్సెళ్లకోసారి వచ్చే చారలను తుడిచేస్తుంది. ఏ అయిదింటి సగటు తీసినా ఒకటే వస్తుంది కదా. కెర్నల్‌ను ఎంత కచ్చితంగా కనిపెట్టినా ఆ సమాచారం y లో లేదు. పూర్తిగా తుడిచిపెట్టుకుపోకుండా బాగా తగ్గినవి నాయిస్‌లో మునిగిపోతాయి, వాటిని పైకి లాగితే నాయిస్ కూడా అంతే పెరుగుతుంది. తుది చిత్రంలో ఆ చోట్లను నింపేది జరిమానా నియమం. అది ఫొటో చూసినది కాదు, ఫొటోలు సాధారణంగా ఎలా ఉంటాయో దాన్నిబట్టి చేసిన ఊహ.

బోర్డు మీద పేరు చదవాలన్నప్పుడు ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ‘ద’కూ ‘ధ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ తేడా కింద ఒక చిన్న గీత. ఆ గీత కెర్నల్ కన్నా సన్ననిదైతే, బాగుచేసిన చిత్రంలో అది ఉన్నంత మాత్రాన బోర్డు మీద ఉన్నట్లు కాదు. లేకపోయినా అంతే. పోలీసు దర్యాప్తులో వాహనం నంబరును ఇలా చదివితే 3, 8ల దగ్గర వచ్చే చిక్కు ఇదే. సరిచూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది: అదే ఖతిలో, అదే సైజులో రెండు అక్షరాలనూ విడివిడిగా గీసి, కనిపెట్టిన కెర్నల్‌తో రెండింటినీ మసకబరచి, ఒక్కోదాన్నీ అసలు ఫొటోతో పోల్చాలి. ఒకటి ఫొటోకు స్పష్టంగా దగ్గరగా ఉంటే ఆ అక్షరాన్ని నమ్మవచ్చు. రెండింటి మధ్య తేడా నాయిస్ కన్నా చిన్నదైతే అక్కడ ఉన్నది ఏ అక్షరమో ఆ ఫొటో నుంచి ఎవరూ తేల్చలేరు. బోర్డును ఇంకో ఫొటో తీయాల్సిందే.